నామినీ మార్పు రసీదు దేనికి సాక్ష్యం? ఖాతా, డిపాజిట్, లాకరు, కార్డు రికార్డులతో పోల్చి చూస్తే తేలే సంగతులు

బ్యాంకు డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను పెట్టుకునే వీలు 2025 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అదే ఏడాది జనవరి 1న తెలంగాణలోని ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు, ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనివి కూడా, తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ఒకవైపు చట్టం మారడం, మరోవైపు చాలామంది ఖాతాలున్న బ్యాంకు పేరే మారడం వల్ల, పాత నామినీ ఇంకా ఉన్నట్టేనా, కొత్తగా ఇచ్చిన పేరు ఎక్కినట్టేనా అన్న సందేహం మా ప్రాంతంలో తరచుగా వినిపిస్తోంది. ఈ సందేహానికి చాలామంది చూపే జవాబు బ్యాంకు ఇచ్చిన రసీదు. ఆ రసీదు నిజానికి ఏం చెబుతుందో, ఏం చెప్పదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రసీదు పేరుతో చేతికి వచ్చే రెండు వేర్వేరు కాగితాలు

నామినీ మార్పు ఫారం ఇచ్చినప్పుడు బ్రాంచిలో సాధారణంగా మొదట దొరికేది ఆ ఫారం కింది ముక్క, లేదా మన దగ్గరున్న నకలు మీద వేసిన గుండ్రటి ముద్ర. దాని మీద ముద్ర, తేదీ, ఒక పొట్టి సంతకం ఉంటాయి. దరఖాస్తు ఫలానా రోజున అందింది అన్నంత వరకే దాని సాక్ష్యం. ఫారం సరిగ్గా నింపి ఉందా, సంతకం సరిపోయిందా, పేరు కంప్యూటరులోకి ఎక్కిందా అన్న ప్రశ్నలకు అది జవాబు చెప్పదు.

రెండో కాగితం నామినేషన్ నమోదైన తర్వాత వచ్చేది. అందులో ఖాతా సంఖ్య, నమోదు సంఖ్య, నమోదు తేదీ ఉంటాయి. సరిగ్గా నింపిన ఫారం అందిన మూడు పని దినాల్లోగా, ఖాతాదారు అడిగినా అడగకపోయినా ఈ రసీదును బ్యాంకు ఇవ్వాలని, తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలని రిజర్వు బ్యాంకు 2025 ఆదేశాలు చెబుతున్నాయి. కాబట్టి ముద్ర వేసిన నకలు చేతికొచ్చి వారం దాటినా రెండో కాగితం రాలేదంటే, ఆ దరఖాస్తు బల్ల మీదే ఉండిపోయిందని గానీ, ఏదో లోపంతో ఆగిందని గానీ అనుకోవలసి వస్తుంది.

ఈ రెండింటి మధ్య తేడా ఖాతాదారు బతికున్నంత కాలం పెద్దగా కనబడదు. ఆయన పోయిన తర్వాత క్లెయిమ్ తెచ్చిన కుటుంబం ముందు బ్యాంకు ఉద్యోగి తెరిచి చూసేది మాత్రం రికార్డులో ఉన్న పేరునే. ముద్ర వేసిన నకలు చూపి వాదించే హక్కు కుటుంబానికి ఉంటుంది గానీ, అప్పుడది చెల్లింపు వ్యవహారం కాకుండా వివాదమవుతుంది.

నామినీ ఉండేది మనిషికి కాదు, ఒక్కో ఖాతాకు

గందరగోళానికి అసలు మూలం ఇక్కడ ఉంది. బ్యాంకు ప్రతి ఖాతాదారుకూ ఒక కస్టమర్ సంఖ్య ఇస్తుంది. పాస్‌బుక్ మొదటి పేజీలో సీఐఎఫ్ అన్న అక్షరాల పక్కన కనబడేది అదే. పేరు, చిరునామా, ఫోను, ఆధార్, పాన్ ఆ సంఖ్యకు అంటి ఉంటాయి. చిరునామాను ఒకచోట మారిస్తే ఆ సంఖ్య కింద ఉన్న ఖాతాలన్నిటిలోనూ మారడం అందరికీ అనుభవమే కనుక, నామినీ కూడా అలాగే మారుతుందని అనుకోవడం సహజం.

నామినేషన్ అలా పనిచేయదు. బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో డిపాజిట్ల నామినేషన్‌కు 45 జెడ్‌ఏ సెక్షను, లాకరు నామినేషన్‌కు 45 జెడ్‌ఈ సెక్షను విడివిడిగా ఉన్నాయి. 1985 నాటి నియమాల్లో డిపాజిట్ నామినీ మార్పుకు డీఏ-3, లాకరు నామినీ మార్పుకు ఎస్ఎల్-3 అని ఫారాలు కూడా వేర్వేరుగా ఉండేవి. డిపాజిట్లలో సైతం సేవింగ్స్ ఖాతా ఒకటి, ప్రతి ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇంకొకటి. దేని నామినేషన్ దానిదే. కొన్ని బ్యాంకుల్లో ఆన్‌లైన్‌లో ఎఫ్‌డీ తెరిచేటప్పుడు సేవింగ్స్ ఖాతాలోని నామినీనే పెట్టమంటారా అని అడుగుతారు. ఒప్పుకుంటే ఆ రోజున ఉన్న పేరు ఎఫ్‌డీలోకి నకలవుతుంది. తర్వాత సేవింగ్స్ ఖాతాలో పేరు మార్చినంత మాత్రాన ఆ నకలు కూడా మారిందని అనుకోవడానికి లేదు.

ఈ ఏర్పాటు మీద రెండు అభిప్రాయాలు ఉన్నాయి. మనిషికి ఒకే నామినేషన్ ఉంటే వృద్ధులకూ, చదువు తక్కువైనవారికీ ఇంత తిరుగుడు ఉండదని, మరచిపోయిన ఎఫ్‌డీలు పాత పేర్లతో మిగిలిపోవని కొందరు అంటారు. ఇల్లు కట్టుకోవడానికి దాచిన డిపాజిట్‌కు భార్యను, మనవరాలి చదువుకు వేసిన డిపాజిట్‌కు కూతురిని పెట్టుకునే స్వేచ్ఛ ఖాతా వారీ నామినేషన్‌లోనే ఉందని మరికొందరు అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఇప్పటి చట్టం మాత్రం రెండో దారిలోనే నడుస్తోంది కాబట్టి, రసీదులో మొదట చూడవలసింది నామినీ పేరు కాదు, ఖాతా సంఖ్య.

ఒక రసీదును వరస వెంబడి చదివితే

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. నల్లగొండలో స్థిరపడిన 68 ఏళ్ల రిటైర్డ్ ఉద్యోగి ఒకరు ఉన్నారు. భార్య రెండేళ్ల కిందట చనిపోయింది. పెద్ద కూతురు దేవరకొండలో, చిన్న కూతురు మహబూబ్‌నగర్‌లో, కొడుకు హైదరాబాదులో ఉంటారు. ఒకే బ్రాంచిలో ఆయనకు సేవింగ్స్ ఖాతా, 4,00,000 రూపాయల ఎఫ్‌డీ, లాకరు, ఏటీఎం కార్డు ఉన్నాయి. సేవింగ్స్ ఖాతాకూ, ఎఫ్‌డీకీ మొదటి నుంచి నామినీ భార్యే. ఇప్పుడు కూతుళ్లిద్దరినీ చెరి సగానికి నామినీలుగా పెట్టాలని ఒక ఫారం ఇచ్చారు. కొన్ని రోజులకు నమోదు రసీదు వచ్చింది.

రసీదు మీద ఒకే ఖాతా సంఖ్య ఉంది. అది పాస్‌బుక్ మీది సేవింగ్స్ ఖాతా సంఖ్యతో సరిపోయింది. నామినీల గడిలో ఇద్దరి పేర్లు, ఒక్కొక్కరి ఎదుట 50 శాతం ఉన్నాయి. పాస్‌బుక్‌లో `Nomination Registered` అన్న ముద్రా ఉంది. ఇంతవరకు చూసి పని పూర్తయిందని అనుకోవచ్చు. అయితే పాస్‌బుక్‌లోని ఆ ముద్ర భార్య పేరు నమోదైన రోజుల్లో పడిందో, ఇప్పుడు పడిందో ఆ మాటను బట్టి తెలియదు. నామినేషన్ ఒకటి ఉంది అని మాత్రమే అది చెబుతుంది. రసీదులోని నమోదు సంఖ్య, బ్రాంచి తెరమీద గానీ నెట్ బ్యాంకింగ్‌లో గానీ ఆ ఖాతా ఎదుట కనబడే సంఖ్య, పేర్లు ఒకటిగా ఉన్నప్పుడే మార్పు రికార్డులోకి ఎక్కిందని రూఢి అవుతుంది.

పేర్ల విషయంలో మన జిల్లాలకు ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. ఒకే పేరును ఆధార్‌లో `LAXMI` అని, పదో తరగతి మెమోలో `LAKSHMI` అని రాయడం ఇక్కడ ప్రతి ఇంట్లో కనబడుతుంది. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. పెళ్లయిన కూతురికి ఒక కార్డులో పుట్టింటి పేరు, ఇంకో కార్డులో అత్తింటి పేరు ఉంటుంది. క్లెయిమ్ రోజున నామినీ తాను ఎవరో గుర్తింపు పత్రంతో నిరూపించుకోవాలి కాబట్టి, రసీదులోని పేరు ఆమె ఆధార్‌లో ఉన్న పేరుతో అక్షరం అక్షరం సరిపోతే తర్వాత ఏ అఫిడవిట్ అడిగే అవసరం రాదు. ఒక అక్షరం తేడా ఉన్నంత మాత్రాన నామినేషన్ చెల్లకుండా పోదు. ఆ తేడాను వివరించే భారం మాత్రం దుఃఖంలో ఉన్న మనిషి మీద పడుతుంది, అది నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇక శాతాలు. ఒకరికంటే ఎక్కువ నామినీలు ఉన్నప్పుడు చట్టం రెండు పద్ధతులను ఒప్పుకుంటుంది. మొదటిది ఏకకాల నామినేషన్. ఇందులో ఒక్కొక్కరికి ఎంత శాతమో రాయాలి, మొత్తం నూరు కావాలి. రెండోది వరస నామినేషన్. ఇందులో మొదటి వ్యక్తి బతికి ఉన్నంత వరకు రెండో వ్యక్తికి ఏ పాత్రా ఉండదు. తెరమీద మొదటిది `Simultaneous` అని, రెండోది `Successive` అని కనబడుతుంది. రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి కదా అని చూసుకుని శాతాలను చూడకపోతే, చెరి సగం అనుకున్నది చిన్న కూతురికి ఏమీ రాని వరస నామినేషన్‌గా నమోదై ఉండవచ్చు. మన ఉదాహరణలో 50, 50 అని ఉంది కాబట్టి సేవింగ్స్ ఖాతా వరకు ఆయన కోరిక రికార్డులోకి చేరింది.

ఎఫ్‌డీలో మిగిలిపోయిన పాత పేరు

అదే రసీదులో ఎఫ్‌డీ సంఖ్య లేదు. ఆయన బీరువాలోని ఎఫ్‌డీ పత్రం తీసి చూస్తే, దాని సంఖ్య సేవింగ్స్ ఖాతా సంఖ్యకు పూర్తిగా వేరు. నామినేషన్ ఉన్నట్టు ఆ పత్రం మీద ముద్రించి ఉంది. ఆ నామినేషన్ చనిపోయిన భార్యది. గడువు తీరినప్పుడల్లా దానంతటదే రెన్యూవల్ అయ్యే ఏర్పాటు ఉన్నందున ఆయన బ్రాంచికి వెళ్లవలసిన పని పడలేదు. ప్రత్యేకంగా రద్దు చేసేదాకా గానీ మార్చేదాకా గానీ రెన్యూవల్‌తో పాటే పాత నామినేషన్ కొనసాగుతుంది కనుక ఆ పేరూ అలాగే ఉండిపోయింది.

నామినీ ఖాతాదారు కంటే ముందే చనిపోతే ఆ నామినేషన్‌కు ఫలం ఉండదు. అప్పుడు ఆ 4,00,000 రూపాయలు నామినీ లేని డిపాజిట్ కిందికి వస్తాయి. నామినీ ఉన్నచోట మరణ ధ్రువపత్రం, క్లెయిమ్ ఫారం, నామినీ గుర్తింపు పత్రం సరిపోతాయి. నామినీ లేనిచోట వారసులందరి వివరాలు, మిగతా వారసుల సమ్మతి, నష్టపూచీ పత్రం వంటివి కావాలి. వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల దాకా క్లెయిమ్‌లకు వారసత్వ ధ్రువపత్రం అడగకుండా సులభ పద్ధతిలో చెల్లించాలని రిజర్వు బ్యాంకు చెప్పింది కాబట్టి డబ్బు చిక్కుకుపోదు. అయినా మూడు ఊళ్లలో ఉన్న ముగ్గురు పిల్లలు సంతకాలకు కలవాల్సి వస్తుంది.

సేవింగ్స్ ఖాతాలో నిల్వ ఒక హద్దు దాటగానే మిగులును తనంతట తానే డిపాజిట్‌గా మార్చే ఆటో స్వీప్ సౌకర్యం ఉన్నవారి సంగతి ఇంకొంచెం సున్నితమైనది. ధాన్యం డబ్బులు ఒకేసారి జమ అయ్యే ఇళ్లలో ఖాతాదారుకు తెలియకుండానే రెండు మూడు చిన్న డిపాజిట్లు ఏర్పడి ఉంటాయి. వాటికి ఏ నామినీ వర్తిస్తుందన్నది ఆయా బ్యాంకు ఏర్పాటును బట్టి ఉంటుంది. ఖాతా స్టేట్‌మెంటులో డిపాజిట్లు విడి సంఖ్యలతో కనబడితే, వాటి ఎదుట ఉన్న నామినీ వివరాన్ని కూడా విడిగానే చూడవలసి ఉంటుంది.

లాకరుకు చెరి సగం ఎందుకు కుదరదు

లాకరు విషయంలో మన ఉదాహరణలోని తండ్రికి రెండు ఆటంకాలు ఎదురవుతాయి.

మొదటిది చట్టంలోనే ఉంది. లాకరుకూ నలుగురి దాకా నామినీలను పెట్టవచ్చు గానీ వరస పద్ధతి ఒక్కటే అనుమతించారు. శాతాలకు చోటు లేదు. కారణం ఊహించడం కష్టం కాదు. డిపాజిట్‌లో ఎంత సొమ్ము ఉందో బ్యాంకుకు పైసాతో సహా తెలుసు. లాకరులో ఏముందో బ్యాంకుకు తెలియదు, తెలుసుకునే హక్కూ లేదు; తెలియని వస్తువుల్లో సగం ఎంతో అది తేల్చలేదు. అందువల్ల సేవింగ్స్ ఖాతాకు ఇచ్చిన చెరి సగం ఏర్పాటును లాకరుకు కూడా రాయమని ఫారం ఇస్తే అది ఆ రూపంలో నమోదు కాదు. పెద్ద కూతురు మొదట, ఆమె లేకపోతే చిన్న కూతురు అన్న వరసకు ఆయన ఒప్పుకోవాలి. ఇది కొన్ని ఇళ్లలో మాట పట్టింపులకు దారి తీస్తుందన్న అభ్యంతరం సబబే. సాక్షుల ఎదుట జాబితా రాసి వస్తువులను ఒక్కరికి అప్పగించడమే గొడవలు తక్కువ ఉండే పద్ధతి అన్న వాదన కూడా తీసిపారేయదగ్గది కాదు.

రెండో ఆటంకం రికార్డులోనిది. ఆ లాకరును దంపతులిద్దరి పేర్ల మీద, ఇద్దరిలో ఎవరైనా తెరిచే పద్ధతిలో తీసుకున్నారు. భార్య పోయిన తర్వాత కూడా ఆయన ఒక్కరే వెళ్లి తాళం తీసుకోగలిగారు కాబట్టి ఆమె మరణం లాకరు రిజిస్టరులోకి ఎక్కనే లేదు. ఆ రిజిస్టరు ప్రకారం లాకరుకు ఇప్పటికీ ఇద్దరు హక్కుదారులు. ఉమ్మడి లాకరుకు నామినీని మార్చాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి; ఆమె సంతకం రాదు. మరణ ధ్రువపత్రం ఇచ్చి లాకరు రికార్డును ఆయన ఒక్కరి పేరు మీదికి తెచ్చాకే నామినీ ఫారం ముందుకు కదులుతుంది. ఈ రెండు పనుల వరస తెలియక ఫారం తిరిగొచ్చిందని బాధపడేవారు ఉంటారు. తిరిగిరావడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

లాకరుకు అంటిపెట్టుకుని ఇంకొకటి దాగి ఉంటుంది. లాకరు ఇచ్చేటప్పుడు మూడేళ్ల అద్దె, అవసరమైతే లాకరును బద్దలు కొట్టే ఖర్చు రాబట్టుకునేంత మొత్తాన్ని టర్మ్ డిపాజిట్‌గా తీసుకునే వీలు బ్యాంకులకు ఉంది. ఆ డిపాజిట్ పేరుకు లాకరుదే అయినా, చట్టం దృష్టిలో అది డిపాజిట్. దాని నామినీ లాకరు నామినీతో మారడు. సేవింగ్స్ ఖాతా నామినీతోనూ మారడు. మొత్తం చిన్నది కావడం వల్ల అందరూ మరచిపోయేది కూడా దీన్నే.

కార్డుకు నామినీ ఉండడు. కార్డు వెంట ఉన్న బీమాకు ఉంటాడు

ఏటీఎం కార్డు ఖాతాలోని డబ్బును తీసే సాధనం మాత్రమే. దానికి విడిగా నామినీ ఉండడు, కాబట్టి రసీదులో కార్డు సంఖ్య లేకపోవడం లోపం కాదు. నామినీగా నమోదైన కూతురికి తండ్రి పిన్ తెలిసినా, ఆయన పోయాక ఆ కార్డుతో డబ్బు తీసే హక్కు నామినేషన్ వల్ల రాదు. క్లెయిమ్ ద్వారానే ఆమె ఆ డబ్బును పొందాలి.

కార్డుకూ ఖాతాకూ అనుసంధానమైన బీమా సంగతి వేరు. పాస్‌బుక్‌లో ఏటా మే, జూన్ నెలల ప్రాంతంలో 20 రూపాయలు తగ్గిన పద్దు, దాని ఎదుట `PMSBY` అన్న అక్షరాలు కనబడితే, ఆ ఖాతాదారు ప్రధానమంత్రి సురక్ష బీమా యోజనలో ఉన్నట్టు. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షల రూపాయలు వచ్చే ఈ పథకం 70 ఏళ్ల వయసు వరకు వర్తిస్తుంది. అందులో చేరేటప్పుడు ఇచ్చిన సమ్మతి పత్రంలో నామినీ గడి విడిగా ఉంటుంది. మన ఉదాహరణలోని 68 ఏళ్ల తండ్రి ఆ గడిలో భార్య పేరు రాశారు. సేవింగ్స్ ఖాతా నామినీ మార్పు రసీదు ఆ పత్రాన్ని ముట్టుకోదు.

రసీదులోని శాతం, వారసత్వంలోని వాటా

అన్ని రికార్డులూ సరిపోయాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. నామినీగా లేని కొడుకు సంగతి ఏమిటి?

సామాన్యుల్లో బలంగా ఉన్న అభిప్రాయం ఏమిటంటే, ఎవరి పేరు రాస్తే డబ్బు వాళ్లదే. 45 జెడ్‌ఏ సెక్షను మాటలు కూడా పైకి అలాగే కనబడతాయి. డిపాజిటరు హక్కులన్నీ నామినీకి సంక్రమిస్తాయని అందులో ఉంది. కానీ 2010లో రామ్ చందర్ తల్వార్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షనును పరిశీలించి, బ్యాంకు నుంచి డబ్బు తీసుకునే హక్కునే అది నామినీకి ఇస్తుందని, ఆ డబ్బుకు సొంతదారును చేయదని తేల్చింది. నామినీకి చెల్లించడంతో బ్యాంకు బాధ్యత తీరుతుంది. ఆ తర్వాత వారసులు నామినీని అడగవచ్చు. ఖాతాదారు తన చేత్తో రాసిన పేరుకు ఇంతకంటే విలువ ఉండాలని వాదించేవారు లేకపోలేదు. ఒక్క ఫారంతో మిగతా వారసుల హక్కు తుడిచిపెట్టుకుపోకూడదన్న ఆలోచన కోర్టు తీర్పుకు దగ్గరగా ఉంది.

ఎఫ్‌డీ నామినీని కూడా కూతుళ్లిద్దరికీ చెరి సగంగా మార్చారని అనుకుందాం. తండ్రి తర్వాత బ్యాంకు ఒక్కొక్కరికి 2,00,000 రూపాయలు, దానికి తగిన వడ్డీ చెల్లిస్తుంది. వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు సమాన వారసులు. ఆ 4,00,000 రూపాయల్లో ఒక్కొక్కరి వాటా సుమారు 1,33,333 రూపాయలు. అంటే కూతుళ్లు ఒక్కొక్కరు తమ చేతికి వచ్చినదానిలోంచి దాదాపు 66,667 రూపాయలు తమ్ముడికి ఇవ్వవలసి ఉంటుంది. ఆ సొమ్ము పూర్తిగా కూతుళ్లకే చెందాలన్నది తండ్రి ఉద్దేశమైతే, దాన్ని నెరవేర్చే పత్రం వీలునామా. నామినీ మార్పు రసీదు మీద ఆ సంగతి రాసే గడి ఎక్కడా ఉండదు.